ఈశాన్యంలోని పూజ మూల 3డిలో చీకటిగా వచ్చింది, అందుకే మార్పులు: మీ ఇంటివాళ్లందరూ తరచుగా అడిగే ప్రశ్నలు

నమస్తే అండీ. శనివారం పంపిన కొత్త రెండర్, అంటే మీ హాలుకు కంప్యూటర్‌లో చేసిన 3డి బొమ్మ, చూశాక మీరు, సార్, మీ అత్తగారు, హైదరాబాద్ నుంచి మీ ఆడపడుచు, అందరూ విడివిడిగా మెసేజ్‌లు పెట్టారు. దాదాపు అవే ప్రశ్నలు వేర్వేరు మాటల్లో వచ్చాయి కాబట్టి ఒక్కొక్కరికీ ముక్కలుగా చెప్పేకంటే అన్నీ ఒకేచోట ఉత్తరంలా రాస్తున్నాను. వైట్‌ఫీల్డ్‌లో సైట్ పని ఇంకా వైరింగ్ దశలోనే ఉంది, కార్పెంటర్ ప్లైవుడ్ కొయ్యలేదు, అందుకే ఈ మార్పులు ఇప్పుడే చేస్తున్నాం.

మొదటి 3డిలో పూజ మూల కళకళలాడుతూ ఉంది. అదే మూల రెండోదాంట్లో గుహలా ఎందుకుంది?

రెండూ ఒకే గదివే, కానీ రెండు వేర్వేరు పనుల కోసం చేసినవి. మొదటిది మీరు డిజైనూ రంగులూ ఎంచుకోవడానికి. అలాంటి బొమ్మలో కెమెరా వెనకాల కనపడని లైట్లు ఒకటో రెండో పెడతాం, ఎక్స్‌పోజర్ కూడా ఆ మూలకు తగ్గట్టు పెంచుతాం. అలా చేయకపోతే పూజ యూనిట్ మీద చెక్కడం ఎలా ఉందో, లామినేట్ గీతలు ఎటు వెళ్తున్నాయో కనిపించదు, మీరు ఏ డిజైన్ కావాలో చెప్పలేరు. ఆ పనికి అది సరైనదే, కానీ గదిలో నిజంగా ఎంత వెలుతురు ఉంటుందో దాన్ని చూసి చెప్పలేం.

రెండోది వెలుతురు చూడటానికే చేసింది. కనపడని లైట్లన్నీ తీసేసి ఆకాశం, సూర్యుడు మాత్రమే ఉంచాను. ఇల్లు ఉన్న దిక్కు, నాలుగో అంతస్తు ఎత్తు, ఎదురుగా ఉన్న టవర్, బాల్కనీ పైన ఉన్న స్లాబ్, ఇవన్నీ మోడల్‌లో పెట్టి కెమెరా ఎక్స్‌పోజర్‌ను హాలు మొత్తానికి ఒకటే ఉంచాను. సమయం ఉదయం ఆరున్నర పెట్టాను, ఎందుకంటే మీ అత్తగారు పూజకు కూర్చునేది ఆ వేళకే. బెంగళూరులో జూన్‌లో ఆరుకు ముందే సూర్యోదయం అవుతుంది, జనవరి చివర్లో ఆరూ నలభై దాటుతుంది. అంటే ఏడాదిలో కొన్ని వారాలు ఆవిడ పూజ మొదలుపెట్టే సరికి సూర్యుడు వచ్చి కూడా ఉండడు, మిగతా రోజుల్లో వచ్చినా మీ బాల్కనీ పడమర వైపు కాబట్టి ఆ ఎండ హాల్లోకి రాదు.

సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోందేమో? మేం ఫోన్‌లో తీసిన ఫోటోలో మూల బాగానే కనిపిస్తోంది కదా?

ఫోన్ కెమెరా చీకటిగా ఉన్నచోట తనంతట తానే వెలుతురు పెంచేస్తుంది, ఇప్పటి ఫోన్లయితే మూడు నాలుగు ఫోటోలు కలిపి చీకటి భాగాన్ని ఎత్తి చూపిస్తాయి. అందుకని ఫోటోను నమ్మకండి. పైగా మీరు ఫోటో తీసినప్పుడు ఖాళీ గది, గోడలకు తెల్లటి ప్రైమర్ మాత్రమే ఉంది, యూనిట్ లేదు, ఫాల్స్ సీలింగ్ లేదు.

సైట్‌కు వెళ్లినప్పుడు మీరే చూసుకోవచ్చు. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ ఏదైనా వేసుకుని బాల్కనీ తలుపుకు మూడడుగుల దూరంలో ఒకసారి, పూజ మూలలో కుర్చీ మీద పుస్తకం పట్టుకునే ఎత్తులో ఒకసారి చూడండి. ఫోన్ చూపించే అంకె ఖచ్చితంగా ఉండదు, కానీ అదే ఫోన్‌తో అదే నిమిషంలో తీసిన రెండు అంకెల మధ్య తేడా నమ్మదగినదే. నేను చూసినప్పుడు, పొద్దున పది గంటలకు కూడా, బాల్కనీ దగ్గర ఉన్న వెలుతురులో మూలకు చేరేది ఇరవయ్యో వంతు కంటే తక్కువ. రెండర్ చెప్పిన నిష్పత్తి కూడా దాదాపు అంతే, అందుకే దాన్ని నమ్మి మార్పులకు దిగాను.

యాప్ కూడా వద్దనుకుంటే ఆ మూలలో కుర్చీ వేసుకుని కూర్చోండి, బాల్కనీ వైపు చూడండి, అక్కడి నుంచి కాస్తయినా ఆకాశం కనపడుతుందేమో చూడండి. కనపడదు. ఆకాశం కనపడని చోటికి నేరుగా వెలుతురు రాదు, గోడలూ నేలా సీలింగూ తాకి తిరిగొచ్చిందే వస్తుంది. ఈ ఒక్క పరీక్ష ఏ ఇంట్లో ఏ మూలకైనా పనిచేస్తుంది.

అంత పెద్ద బాల్కనీ తలుపు ఉంది, ఎనిమిదడుగుల గాజు. వెలుతురు మూలదాకా ఎందుకు రాదు?

గాజు ఎంత వెడల్పు ఉందన్నది కాదు, దాని పై అంచు ఎంత ఎత్తులో ఉందన్నదే లోపలికి వెలుతురు ఎంత దూరం వెళ్తుందో తేలుస్తుంది. మేం వాడే మోటు లెక్క ఏంటంటే, కిటికీ పై అంచు ఎత్తుకు రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం వరకే పనికొచ్చే పగటి వెలుతురు అందుతుంది. మీ స్లైడింగ్ తలుపు పై అంచు 7 అడుగులు. అంటే 14 నుంచి 17 అడుగులు. మీ హాలు పొడవు 27 అడుగులు, పూజ మూల మొదలయ్యేదే 21 అడుగుల దగ్గర.

దాని మీద ఇంకో రెండు అడ్డంకులు. బాల్కనీ 5 అడుగులు బయటికి వచ్చి, పై అంతస్తు స్లాబ్ దానికి కప్పుగా ఉంది కాబట్టి ఆకాశం పై భాగం అక్కడే కట్ అయిపోతుంది, నిజానికి ఎక్కువ వెలుతురు వచ్చేది ఆ పై భాగం నుంచే. ఇక ఎదురు టవర్ మీ అంతస్తు కంటే చాలా ఎత్తు, మిగిలిన కింది భాగాన్ని అది మూసేస్తుంది. మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ కాసేపు లోపలికి వస్తుంది, కానీ ఆ సమయంలో పూజ ఉండదు, కర్టెన్ వేసి ఉంటుంది.

ఆ గోడకు కిటికీ పెట్టించొచ్చు కదా? లేకపోతే కనీసం వెంటిలేటర్?

కుదరదండీ. తూర్పు గోడ అవతల లిఫ్ట్ ఉంది, ఉత్తరం గోడ అవతల లాబీ ఉంది. రెండోది, మీ బిల్డింగ్ అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో పోసినది, మన కాంట్రాక్టర్లు మైవాన్ అంటారు. ఇటుక గోడలు కావు, గోడలన్నీ కాంక్రీటు, లోపల కమ్మీ ఉంది, భవనం బరువు మోసేవి ఆ గోడలే. రంధ్రం కొట్టడం అటుంచి కొత్త వైరు కోసం గాడి కొట్టడానికి కూడా నేను ఒప్పుకోను, మీ అసోసియేషన్ కూడా ఒప్పుకోదు. కొత్త లైట్ల వైరింగ్ ఏ దారిలో వెళ్లాలన్నది కూడా దీని వల్లే మారింది, కింద చెప్తాను.

పూజ స్థలాన్నే బాల్కనీ వైపు మార్చేస్తే?

వెలుతురు పరంగా మంచిదే, కానీ ఈశాన్యం వదలడానికి మీ అత్తగారు ఒప్పుకోరని మొదటి మీటింగ్‌లోనే చెప్పారు. ఆవిడ రోజూ కూర్చునే చోటు అది, ఆ మాటకే విలువ ఇస్తాను. మూల అక్కడే, మార్పులు మూలకే.

క్రాకరీ యూనిట్‌ను సగానికి ఎందుకు కోసేశారు?

అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. ఉత్తరం వైపు మెయిన్ డోర్ తీయగానే చెప్పులు విప్పే చోటు నుంచి దేవుడి పటాలు కనపడకూడదని మీరు అడిగారు, దానికోసం డోర్‌కూ పూజ మూలకూ మధ్య 4 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు ఉన్న క్రాకరీ యూనిట్‌ను అడ్డుగోడలా నిలబెట్టాం. ప్లాన్ కాగితం మీద చూస్తే ఇది చక్కగా కుదిరింది, చాటు దొరికింది, గిన్నెలకు చోటూ దొరికింది. కానీ ప్లాన్ పైనుంచి చూసేది, అందులో ఎత్తు తెలియదు. బాల్కనీ నుంచి హాలంతా దాటి, తెల్ల గోడల మీదా సీలింగ్ మీదా పడి వచ్చే ఆ కాస్త వెలుతురు కూడా సరిగ్గా ఆ యూనిట్ వీపు దగ్గర ఆగిపోతోంది. రెండర్‌లో యూనిట్ తీసేసి ఒకటి, ఉంచి ఒకటి చేసి చూశాను. తీసేస్తే మూల వెలుతురు రెట్టింపు దాటింది. కారణం అదేనని అప్పుడు రూఢి అయింది.

పూర్తిగా తీసేస్తే మీరు అడిగిన చాటు పోతుంది. అందుకని కింద 3 అడుగుల వరకే ప్లైవుడ్ యూనిట్, దానిపైన 7 అడుగుల దాకా సన్నటి అల్యూమినియం ఫ్రేములో ఫ్లూటెడ్ గాజు. ఫ్లూటెడ్ అంటే నిలువు గాళ్లున్న గాజు, అవతలి మనిషి ఆకారం తెలుస్తుంది కానీ మొహం తెలియదు, వెలుతురు మాత్రం ఎక్కువ భాగం దాటి వస్తుంది. 8 మిల్లీమీటర్ల టఫెన్డ్‌ది తీసుకుందాం, పిల్లలు తిరిగే దారి కాబట్టి మామూలు గాజు వద్దు. రంగు గాజూ వద్దు, గ్రే అయినా బ్రాంజ్ అయినా వెలుతురు తినేస్తుంది, ఇంత చేసి మళ్లీ మొదటికొస్తాం.

పైన పోయిన గిన్నెల చోటు సంగతి: డైనింగ్ పక్కన దక్షిణం గోడకు తలపైన రెండు అరల క్యాబినెట్ చేర్చాం. దేవుడికి వీపు పెట్టి ఎంగిలి పళ్లాలు పెట్టడం బాగోదని మీ అత్తగారు అన్నారట కదా, ఆ బాధ కూడా దీంతో తీరింది, కింది 3 అడుగుల్లో పూజ సామాను, కొత్త బట్టలు పెట్టుకోవచ్చు.

వాల్‌నట్ లామినేట్ నాకు చాలా నచ్చింది. దాన్ని కూడా మార్చాలా?

పూజ మూలలో మార్చాలి, మిగతా హాల్లో ఉంచుకోవచ్చు. చెప్పాను కదా, ఆ మూలకు వచ్చేదంతా తిరిగొచ్చిన వెలుతురే, అది ఎన్నిసార్లు ఏ రంగు మీద పడి వస్తుందన్నదే లెక్క. ముదురు వాల్‌నట్ మీద పడిన వెలుతురులో తిరిగొచ్చేది పది, పదిహేను శాతం. ఆఫ్‌వైట్ అయితే డెబ్బై, ఎనభై దాకా ఉంటుంది, లేత ఓక్ ఆ మధ్యలో సగం దగ్గర. మూడు వైపులా వాల్‌నట్ పెడితే వచ్చిన కొంచెం కూడా అక్కడే ఇంకిపోతుంది. బాగా వెలుతురున్న షోరూమ్‌లో మీరు చూసినప్పుడు ఆ రంగు నిండుగా ఉంది, మూలలో అదే రంగు నల్లగా కనిపిస్తుంది, మీకు నచ్చిన గీతలు కూడా కనపడవు.

పూజ యూనిట్ వెనక పలక ఆఫ్‌వైట్, పక్కలు లేత ఓక్, గుమ్మం లాంటి ముందు చట్రం మాత్రం వాల్‌నట్. అంచుకు ముదురు రంగు ఉంటే పటాలు ముందుకొచ్చినట్టు కనిపిస్తాయి, మీకు నచ్చింది కూడా పూర్తిగా పోదు. మ్యాట్ ఫినిష్ తీసుకోండి. గ్లాసీ తీసుకుంటే లైటు మొత్తం ఒకేచోట మెరిసి కళ్లలో పడుతుంది.

సీలింగ్ విషయం కూడా ఇక్కడే చెప్తాను. 21 అడుగుల దగ్గర అడ్డంగా బీమ్ ఉంది, స్లాబ్ నుంచి పదిహేను అంగుళాలు కిందికి. దాన్ని దాచడానికి మూల మీద కూడా ఫాల్స్ సీలింగ్ బీమ్ మట్టానికి దించాం. ఇప్పుడు మూల మీద ఫాల్స్ సీలింగ్ లేదు, స్లాబ్‌కే పుట్టీ పెట్టి తెల్ల పెయింట్. బీమ్ కనపడుతుంది, కనపడనివ్వండి, పూజ స్థలం అక్కడి నుంచి మొదలవుతుందన్న గుర్తులా ఉంటుంది.

ఇంత గొడవ దేనికి? ఇంకో రెండు లైట్లు పెడితే అయిపోదా?

ఎక్కువమంది అడిగింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మొదటి ప్లాన్‌లోనే అక్కడ సీలింగ్‌లో 7 వాట్ల డౌన్‌లైట్లు రెండున్నాయి. ఒక్కోటి ఇచ్చే వెలుతురు సుమారు 600 ల్యూమెన్లు, రెండూ కలిపి 1200. మూల విస్తీర్ణం 30 చదరపు అడుగులు, అంటే 2.8 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లే లక్స్, ముదురు రంగులు తినేది పోను సగటున 130, 140 లక్స్ వస్తుంది. నడవడానికి, దండం పెట్టుకోవడానికి అది చాలు.

కానీ మీ అత్తగారు అక్కడ పారాయణం చేస్తారు. వయసు డెబ్బై దాటింది, పుస్తకం అక్షరాలు చిన్నవి. చదువుకునే చోటికి మేం కనీసం 300 లక్స్ చూసుకుంటాం, ఆ వయసుకు అంతకంటే కాస్త ఎక్కువున్నా మంచిదే. ఆవిడ తూర్పుకు తిరిగి కూర్చుంటారు, డౌన్‌లైట్లు తలకు వెనక భాగంలో వచ్చాయి, దాంతో సొంత తల నీడే పుస్తకం మీద పడుతోంది. రెండర్‌లో కూర్చున్న మనిషి బొమ్మ పెట్టి, వెలుతురు అంకెలను రంగుల్లో చూపించే పటం తీస్తే, పుస్తకం ఉన్నచోట 60 లక్స్ వచ్చింది. అక్కడే ఇంకో రెండు లైట్లు పెట్టినా తల నీడ అలాగే ఉంటుంది, పుస్తకం మీద మహా అయితే 120 లక్స్ వస్తుంది, కావాల్సిన 300కు అది సగం కూడా కాదు.

అందుకని లైట్ల సంఖ్య కాదు, చోటు మార్చాం. పూజ యూనిట్ పై అంచున, ఆరున్నర అడుగుల ఎత్తులో, ముందుకు వచ్చిన చెక్క పట్టీ వెనక 4 అడుగుల ప్రొఫైల్ లైట్, అంటే సన్నటి అల్యూమినియం చట్రంలో పెట్టిన పొడవాటి ఎల్‌ఈడీ పట్టీ. మీటరుకు 10 వాట్లది, మొత్తం 12 వాట్లు, వచ్చే వెలుతురు పాత రెండు లైట్లకు సమానమే, సుమారు 1200 ల్యూమెన్లు. కానీ ఇప్పుడు అది మనిషికి ముందునుంచి, పుస్తకానికి నాలుగడుగుల ఎత్తునుంచి పడుతుంది, తల నీడ వెనక్కి పోతుంది. లేత రంగులు తిరిగిచ్చేది కూడా కలిపితే పుస్తకం మీద రెండర్‌లో 310 వచ్చింది. విగ్రహం మీదికి విడిగా 5 వాట్ల చిన్న స్పాట్, దానికి వేరే స్విచ్, పొద్దున చదివేటప్పుడు రెండూ, సాయంత్రం దీపం పెట్టినప్పుడు స్పాట్ ఒక్కటే వేసుకోవచ్చు.

చెక్క పట్టీ మూడంగుళాలు కిందికి దిగాలి, కార్పెంటర్‌కు రాసిచ్చాను. తక్కువైతే కూర్చున్న మనిషికి లైటు పట్టీ నేరుగా కనిపిస్తుంది, పైగా పటాల గాజులో తెల్ల గీతలా మెరిసి దేవుడి మొహం కనపడదు. సైట్‌లో ఎక్కువగా తప్పిపోయేది ఈ మూడంగుళాల దగ్గరే.

వైరు గోడలోంచి కాదు, హాలు ఫాల్స్ సీలింగ్‌లోంచి వచ్చి బీమ్ పక్కన దిగి యూనిట్ వెనక నుంచి వెళ్తుంది. డ్రైవర్‌ను, అంటే కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చి ఇచ్చే చిన్న డబ్బాను, యూనిట్ పై అరలో, చెయ్యి అందే చోట పెడుతున్నాం, ఎల్‌ఈడీ పట్టీ కంటే ముందు పాడయ్యేది మామూలుగా డ్రైవరే, దాన్ని మూసేస్తే రేపు యూనిట్ విప్పాల్సి వస్తుంది.

తెల్ల లైటా, పసుపు లైటా?

3000 కెల్విన్, అంటే వెచ్చటి తెలుపు. మరీ తెల్లటిది పెడితే దీపం వెలుగు పక్కన నీలంగా కనిపిస్తుంది. కొనేటప్పుడు వాట్లతోపాటు సీఆర్‌ఐ, అంటే రంగులను ఉన్నవి ఉన్నట్టు ఎంతవరకు చూపిస్తుందో చెప్పే అంకె, 90 ఉందో లేదో చూడాలి. అది తక్కువున్న చవక పట్టీల కింద కుంకుమ, మందారం గోధుమరంగులోకి తిరిగినట్టు కనిపిస్తాయి.

అద్దం పెడితే వెలుతురు పెరుగుతుందని విన్నాం?

అద్దం తనకు ఎదురుగా ఉన్నదాన్నే తిరిగి చూపిస్తుంది. ఆ మూలలో ఏ గోడకు పెట్టినా ఎదురుగా ఉండేది ఆకాశం కాదు, హాల్లోని మసక భాగమే. వద్దు.

లేత రంగు పెడితే దీపం పొగకు నల్లబడదా?

నల్లబడుతుంది, ఈ అనుమానం సరైనదే. దీపం పెట్టే అర మీద గ్రానైట్ ముక్క, దాని వెనక రెండడుగుల ఎత్తు వరకు లామినేట్ బదులు తెల్ల క్వార్ట్జ్ పలక వేస్తున్నాం, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. దీపం నేరుగా పై అర కింద రాకుండా ముందుకు జరిపాం. ఫాల్స్ సీలింగ్ తీసేయడం వల్ల పైన చోటు కూడా పెరిగింది, పొగ పేరుకోవడం తగ్గుతుంది, కానీ స్లాబ్‌కు ఏడాదికో రెండేళ్లకో ఒక కోటు తెల్ల పెయింట్ తప్పదు.

ఇంతకీ బొమ్మలో చూపించిన 310 నిజంగా వస్తుందా?

అంత కచ్చితంగా రాదు. లైటు ఎటు ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పే కంపెనీ ఫైల్‌ను రెండర్‌లో పెట్టి లెక్క కట్టాం, సైట్‌లో లామినేట్ ఒక మెట్టు ముదురైనా, పటాలు ఎక్కువ పెట్టినా, లైటు పట్టీ ఒక అంగుళం జరిగినా అంకె మారుతుంది. 270 నుంచి 330 మధ్య వస్తే సరిగ్గా వచ్చినట్టే. అప్పగించే రోజు మీటర్ తెచ్చి పుస్తకం ఎత్తులో మీ ముందే చూపిస్తాను. 250 కంటే తగ్గితే పట్టీని మీటరుకు 14 వాట్ల దానికి మారుస్తాం, దానికి సరిపోయే డ్రైవరే ఇప్పుడే పెట్టిస్తున్నాను.

పగటి వెలుతురు విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఇన్ని మార్పులు చేశాక కూడా పొద్దున ఆరున్నరకు లైటు వేయకుండా అక్కడ చదవలేరు. పగలు నడిచేటప్పుడు మూల మసకగా, దిగులుగా అనిపించదు, అంతవరకే.

ఖర్చు ఎంత పెరుగుతుంది? పని ఆగుతుందా?

క్రాకరీ యూనిట్ పై భాగంలో 16 చదరపు అడుగులు తగ్గాయి, మీ కొటేషన్ రేటు ₹1,650 ప్రకారం ₹26,400 మిగులుతుంది. గాజు, ఫ్రేము ₹14,000. ప్రొఫైల్ లైటు, స్పాట్, డ్రైవర్ కలిపి ₹6,500. దక్షిణం గోడకు చేర్చిన క్యాబినెట్ 8 చదరపు అడుగులు, ₹13,200. క్వార్ట్జ్ ముక్క ₹3,000. మూల మీద తీసేసిన ఫాల్స్ సీలింగ్ ₹2,700 తగ్గింది. అన్నీ కలిపి చూస్తే జీఎస్టీ కాకుండా ₹7,600 అదనం. లామినేట్ అదే ధరలో ఉన్నదే ఎంచాను. గాజు టఫెనింగ్‌కు పది రోజులు పడుతుంది, కానీ అది చివర్లో బిగించేది కాబట్టి మిగతా పని ఆగదు.

ఇప్పుడు మా నుంచి ఏం కావాలి?

రెండు విషయాలు. మొదటిది, మీ అత్తగారు కుర్చీలో కూర్చుంటారా, పీట మీదా? ఇప్పుడు కుర్చీ ఎత్తుకు లెక్క వేశాను. పీట అయితే పుస్తకం అడుగున్నర కిందికి వెళ్తుంది, ఇదే లైటుతో దాదాపు సగం వెలుతురే అందుతుంది, అప్పుడు మీటరుకు 14 వాట్లది ముందే తీసుకోవాలి, పటాల అరల ఎత్తు కూడా దించాలి. ఆవిడనే అడిగి చెప్పండి, ఊహించి చెప్పొద్దు.

రెండోది, ఆఫ్‌వైట్, లేత ఓక్ లామినేట్ ముక్కలు సైట్‌లో వాచ్‌మన్ దగ్గర పెట్టాను. వాటిని షోరూమ్ లైట్ల కిందో బాల్కనీలోనో కాకుండా ఆ మూలలోనే, గోడకు నిలబెట్టి చూడండి. వైరింగ్ అతను గురువారం ఫాల్స్ సీలింగ్ పైపులు వేస్తాడు, బుధవారం సాయంత్రంలోగా రెండూ చెప్తే లైటు పాయింట్ సరిగ్గా పడుతుంది.